కార్తెల వెంట కెమెరా: ఒక రోటవేటర్ కంపెనీ మూడు నెలల ప్రణాళిక

తొలకరికి ముందు రోటవేటర్లు తయారుచేసే కంపెనీలో సర్వీసు విభాగం ఫోనుకు తీరిక ఉండదు. "బ్లేడ్లు మార్చాం సార్, మిషను ఎగిరెగిరి పడుతోంది." "పక్క నుంచి ఆయిల్ కారుతోంది, తోలుకోవచ్చా?" "మాది నలభై హెచ్‌పీ ట్రాక్టరు, ఆరడుగులది లాగుతుందా?" రోజంతా ఇవే ప్రశ్నలు. అదే రోజు అలాంటి కంపెనీ యూట్యూబ్ ఛానల్ తెరిచి చూస్తే తరచుగా కనిపించేవి వేరు. కొత్త షోరూము ప్రారంభోత్సవం, పండగ శుభాకాంక్షలు, డ్రోనుతో తీసిన పొలం, వెనక ఓ పాట. వెబ్‌సైట్‌లో వ్యాసాలు ఉన్నా అవి యంత్రాన్ని పొగిడేవే. రైతు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఫోనులోనే దొరుకుతుంది, అదీ ఫోను కలిస్తే.

ఆ జవాబును ముందుగానే చెప్పి ఉంచవచ్చు. యంత్రాల కంపెనీ రైతుకు పనికొచ్చే విషయాలు రాసి పంచడం కొత్త ఆలోచన కాదు. నాగళ్లతో మొదలైన అమెరికా కంపెనీ జాన్ డీర్ 1895లోనే 'ద ఫర్రో' అనే పత్రికను ప్రారంభించింది. ఇప్పుడు చిన్న కంపెనీకి ప్రెస్సూ పోస్టేజీ అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు. అక్కర్లేనిది ఖర్చు మాత్రమే, ప్రణాళిక కాదు. ఏ ప్రశ్నకు ఏ వారంలో జవాబు చెప్పాలి, ఒకసారి తీసిన వీడియోను ఎన్ని రూపాల్లోకి మార్చాలి, చెప్పిన మాట తర్వాత మారితే ఎక్కడెక్కడ సరిదిద్దాలి అన్నవి మూడు నెలలకు ముందే ఒక పట్టికలో రాసుకోవాలి.

అది ఎలా చేయాలో చూడటానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ఐదడుగుల, ఆరడుగుల రోటవేటర్లు చేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ పక్క రాష్ట్రాల్లోనూ డీలర్లున్నారు. ఈ పనికి దొరికే మనుషులు ముగ్గురే: ఒక సర్వీసు ఇంజినీరు, వీడియో తీసి ఎడిట్ చేసే కుర్రాడు, రాసే మనిషి ఒకరు. ముగ్గురికీ వేరే పనులు కూడా ఉన్నాయి. వాళ్లు ఏప్రిల్, మే, జూన్ నెలలకు ప్రణాళిక వేస్తున్నారు.

మొదట పాత రిజిస్టరు తిరగెయ్యాలి

పట్టిక గీసే ముందు నిరుడు ఇదే మూడు నెలల్లో వచ్చిన ఫోన్ల రిజిస్టరు తీయాలి. దాని పక్కన మెకానిక్కుల వాట్సాప్ గ్రూపును, వారంటీ కింద తిరిగొచ్చిన విడిభాగాల జాబితాను పెట్టుకోవాలి. మూడింటిలోనూ వారంటీ జాబితా ఎక్కువ నిజం చెబుతుంది. ఫోన్ చేసినవాడు తనకు తెలిసిన కష్టమే చెబుతాడు. తిరిగొచ్చిన గేర్‌బాక్సు అతనికి తెలియని కారణాన్ని కూడా చూపిస్తుంది. లోపల పళ్లు మాడి, ఆయిల్ చుక్క లేకుండా వచ్చిన గేర్‌బాక్సులు నాలుగైదు కనిపిస్తే, ఆయిల్ మట్టం ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదని అర్థం. ఆ ప్రశ్న రిజిస్టరులో ఒక్కసారీ ఉండకపోవచ్చు.

ఇలా పోగైన ప్రశ్నలన్నీ వీడియోలకు పనికిరావు. చాలామంది అడుగుతున్నారా, తప్పు చేస్తే యంత్రానికో మనిషికో నష్టమా, రైతో ఊరి మెకానిక్కో స్వయంగా చేసుకోగలిగే పనేనా అని మూడు రకాలుగా జల్లించాలి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. గేర్‌బాక్సు విప్పి లోపలి పళ్ల మధ్య సందు సరిచేయడం ఎంత బాగా చిత్రించినా, చూసి ఇంట్లో చేసినవాడు మిషను పాడుచేసుకుంటాడు. అలాంటివాటికి "ఈ లక్షణాలు కనిపిస్తే నడపడం ఆపి సర్వీసుకు తీసుకురండి" అనేదే సరైన వీడియో.

మన కంపెనీకి ఈ జల్లెడలో నాలుగు అంశాలు నిలిచాయనుకుందాం: సీజనుకు ముందు గేర్‌బాక్సు ఆయిలూ సీళ్లూ చూసుకోవడం, ట్రాక్టరుకు తగిన సైజు ఎంచుకుని పీటీఓ షాఫ్ట్ సరిగా బిగించడం, అరిగిన బ్లేడ్లు మార్చడం, పొడి దుక్కిలోనూ దమ్ములోనూ నడపడం.

పదమూడు వారాలు, నాలుగు అంశాలు

త్రైమాసికమంటే పదమూడు వారాలు. ఒక్కో అంశానికి మూడు వారాలిస్తే పన్నెండు అవుతాయి. పదమూడో వారాన్ని కొత్తగా ఏమీ విడుదల చేయకుండా సరిదిద్దుకోవడానికి ఉంచుకోవాలి. ముగ్గురు మనుషులకు ఇంతకంటే ఎక్కువ మోయించకూడదు. వారానికి రెండు కొత్త అంశాలని రాసుకున్న పట్టికలు రెండో నెలకే ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు. ఒక్కో అంశం వెనక షూటింగు, ఎడిటింగు, ఇంజినీరు పరిశీలన ఉంటాయని పట్టిక గీసినవారు లెక్కలోకి తీసుకోకపోవడమే.

వరుసను రైతు పనుల క్రమం నిర్ణయిస్తుంది. ఏప్రిల్ మొదటి మూడు వారాల్లో చాలా మిషన్లు షెడ్డులో ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆయిల్, సీళ్ల పని అప్పుడే చెప్పాలి. ఏప్రిల్ నాలుగో వారం నుంచి మే రెండో వారం దాకా సైజు ఎంపిక, షాఫ్ట్ బిగింపు. ఖరీఫ్ కోసం కొత్త మిషను కొనాలనుకునేవారు ఆ రోజుల్లోనే డీలర్ల దగ్గర తిరుగుతుంటారు. మే మధ్య నుంచి జూన్ మొదటి రోజుల దాకా బ్లేడ్లు. మే చివర్లో రోహిణి కార్తె వస్తుంది, రెండు వారాల్లో మృగశిర. ఆ లోపు బ్లేడ్లు మార్చుకోని రైతు తొలి వాన పడ్డాక మెకానిక్కు కోసం వరుసలో నిలబడాలి. జూన్‌లో మిగిలిన మూడు వారాలూ నడిపే పద్ధతి. మెట్ట పొలాల దుక్కి అప్పుడే మొదలవుతుంది, కాలువ కింద దమ్ము ఆ వెంటనే వస్తుంది.

పని చేసే రోజుకు రెండు మూడు వారాల ముందే జవాబు అందాలన్నది ఈ వరుస వెనకున్న సూత్రం. పొలంలో మిషను ఆగిపోయాక చూసే వీడియో నష్టాన్ని ఆపలేదు. అయితే మరీ రెండు నెలల ముందు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడే ఒక చిక్కుంది. జూన్‌లో విడుదల చేయాల్సిన దమ్ము వీడియోను ఎప్పుడు తీయాలి? మే నెలలో మడిలో నీళ్లుండవు, జూలైలో తీస్తే ఆలస్యం. డెల్టాలో దాళ్వా వరికి డిసెంబరు, జనవరిలో దమ్ము చేస్తారు. అప్పుడే తీసి దాచుకోవాలి. అంటే విడుదల పట్టిక ఒకటి, షూటింగు పట్టిక ఒకటి వేరువేరుగా ఉండాలి. రెండోది మొదటిదానికంటే ఒక సీజను ముందు నడవాలి. ఈ ఏప్రిల్-జూన్ ప్రణాళికలోనే తొలకరి దుక్కిని వచ్చే ఏడాది కోసం చిత్రించే రోజు కూడా రాసి ఉండాలి. వ్యవసాయ యంత్రాల ఛానళ్లలో ఎండు నేల మీద ఉత్తగా తిరిగే మిషను ఎక్కువగా కనబడటానికి కారణం ఈ రెండో పట్టిక లేకపోవడమే.

బ్లేడ్ల అంశం: షూటింగు రోజు

నాలుగింటిలో ఒకదాన్ని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఐదడుగుల రోటవేటర్‌కు సాధారణంగా 36 బ్లేడ్లుంటాయి. మన దగ్గర ఎక్కువగా వాడేవి ఎల్ ఆకారపు బ్లేడ్లు. సగం కుడివైపు వంగి, సగం ఎడమవైపు వంగి ఉంటాయి. అవి రోటరు మీద మెలి తిరిగిన వరుసలో ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి మట్టిని తాకకుండా ఒకదాని తర్వాత ఒకటి తాకుతాయి. పాతవన్నీ ఒకేసారి విప్పేసి కుప్పపోసి కొత్తవి బిగిస్తే ఆ వరుస చెడుతుంది, మిషను అదురుతుంది. పదునైన అంచు రోటరు తిరిగే దిక్కుకు ఎదురుగా ఉండాలి. బ్లేడు వీపు ముందుకు వచ్చేలా బిగిస్తే అది మట్టిలోకి దిగదు, మిషను ఎగిరి పడుతుంది. ఫోనులో వచ్చిన మొదటి ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఈ రెండింటిలో ఒకటే అవుతుంది.

కాబట్టి ఈ వీడియో చెప్పాల్సిన మాటలు మూడే. ఒక బ్లేడు విప్పిన చోటే అదే వంపు ఉన్న కొత్త బ్లేడు బిగించి తర్వాతదానికి వెళ్లాలి. అంచు ఏ దిక్కుకో ప్రతిసారీ చూసుకోవాలి. కొత్త బోల్టులు వేసి, పొలంలో మొదటి కొన్ని గంటలు నడిచాక ఆపి మళ్లీ బిగించాలి. కొత్తగా బిగించిన బోల్టులు పనిలో కొంత సర్దుకుని వదులవుతాయి. అప్పుడు మళ్లీ బిగించకపోతే బోల్టు తెగో, రంధ్రం వెడల్పయ్యో బ్లేడు ఊడిపోతుంది.

షూటింగు రోజున తీయాల్సిన దృశ్యాల జాబితా ముందే రాసుకోవాలి. ఎందుకంటే ఆ ఒక్క రోజు నుంచే అన్ని రూపాలూ రావాలి. మొత్తం పని దూరం నుంచి ఒకసారి, చేతుల దగ్గరగా ఒకసారి తీయాలి. అంచు దిక్కు సరిగా ఉన్న బ్లేడు, తిరగబడిన బ్లేడు పక్కపక్కన పెట్టి తీయాలి. తప్పుగా బిగిస్తే వచ్చే అదురు శబ్దం కోసం నడిపి తీయకూడదు, అది ప్రమాదం. బ్లేడు వీపు మట్టిని ఎలా తాకుతుందో రోటరును చేత్తో తిప్పి చూపిస్తే చాలు. వ్యాసం కోసం నిశ్చల చిత్రాలు విడిగా తీయాలి, వీడియో నుంచి ఆపి తీసిన బొమ్మలు మసకగా వస్తాయి. ఫ్యాక్టరీలో గాలితో తిరిగే గన్ను ఉన్నా, ఊళ్లో రైతు దగ్గర ఉండే మామూలు స్పానరుతోనే చేసి చూపాలి. గన్నుతో పది నిమిషాల్లో అయిపోయినట్టు చూపిస్తే, స్పానరుతో కూర్చున్నవాడు ఎక్కడో తప్పు చేస్తున్నానని అనుకుంటాడు.

కెమెరాను అడ్డంగా పట్టి, 4కేలో తీయాలి. ఆ నిలువు కొలత 2160 చుక్కలు. అందులోంచి ఫోనుకు సరిపోయే నిలువు ముక్క కోస్తే 1215 చుక్కల వెడల్పు వస్తుంది. నిలువు వీడియోకు కావాల్సిన 1080 కంటే అది ఎక్కువే. మామూలు ఫుల్ హెచ్‌డీలో తీసి అలా కోస్తే వెడల్పు ఆరువందల చుక్కల దగ్గరే ఆగి బొమ్మ పలచబడుతుంది. అయితే కోత పనికిరావాలంటే చేతులూ బ్లేడూ ఫ్రేము మధ్యలోనే ఉండాలి. ఈ చిన్న క్రమశిక్షణ ఉంటే రెండోసారి షూటింగు అక్కర్లేదు.

ఒక షూటింగు, ఐదు రూపాలు

మొదటి వారం ఏడెనిమిది నిమిషాల పూర్తి వీడియో, దానితోపాటు వ్యాసం విడుదలవుతాయి. వీడియో వివరణలో అధ్యాయాలు ఇస్తే చూసేవాడు తనకు కావాల్సిన చోటికే వెళ్తాడు. యూట్యూబ్‌లో మొదటి సమయం `0:00` అయి ఉండాలి, కనీసం మూడు అధ్యాయాలుండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. మన వీడియోకు ఇలా రాయవచ్చు:

```
0:00 ముందు జాగ్రత్తలు
0:40 బ్లేడు అరిగిందని గుర్తించడం
2:05 ఒక్కొక్కటిగా మార్చడం
4:30 అంచు ఏ దిక్కుకు ఉండాలి
6:10 బోల్టులు మళ్లీ బిగించడం
```

వ్యాసం ఈ వీడియోలోని మాటలను దింపి రాసిందై ఉండకూడదు. మాటల్లో "ఇదిగో ఇలా" అన్నది కాగితం మీద ఏమీ చెప్పదు. వ్యాసం చదివేది స్పానరు పక్కన పెట్టి ఫోనులో వెతుక్కునేవాడు. అతనికి ముందు లక్షణం, తర్వాత కారణం, తర్వాత పని కావాలి. మోడల్‌ను బట్టి బ్లేడు, బోల్టుల నంబర్ల పట్టిక కావాలి. వీడియోలో చెప్పడానికి వీలుకాని ఆ పట్టికే వ్యాసానికి ప్రాణం.

రెండో వారం మూడు నిలువు షార్ట్ వీడియోలు, చెప్పాల్సిన మూడు మాటలకు ఒక్కోటి. ఒక్కోదాంట్లో మొదటి వాక్యమే జవాబై ఉండాలి. "నమస్కారం రైతు సోదరులారా, ఈ రోజు మనం" అంటూ మొదలుపెడితే వేలు పైకి జరిపేస్తారు. చాలామంది శబ్దం ఆపి చూస్తారు కాబట్టి ముఖ్యమైన మాట తెలుగు అక్షరాల్లో తెర మీద ఉండాలి.

మూడో వారం డీలర్ గోడకు అంటించే ఒక పేజీ, వాట్సాప్‌కు చిన్న క్లిప్పు, తమిళం, కన్నడం, హిందీల్లో గొంతు మార్చిన వీడియోలు. వాట్సాప్ క్లిప్పు చేతులు మారుతూ పోతుంది. ఎవరు పంపారో, ఏ మోడల్‌కో తెలియకుండానే ఊళ్లు దాటుతుంది. అందుకే మోడల్ పేరు, నెల, సంవత్సరం బొమ్మలోనే ఉండాలి, కింద రాసే సందేశంలో కాదు. గొంతు మార్చాల్సి వస్తుందని ముందే తెలుసు కాబట్టి షూటింగులో ఇంజినీరు మొహం చూపుతూ మాట్లాడే భాగాలు తక్కువగా, చేతులు చూపే భాగాలు ఎక్కువగా తీయాలి.

అన్ని రూపాల్లోనూ ఒక్క ముక్క కత్తిరించకూడదు. బ్లేడ్ల మీద చెయ్యి వేసే ముందు పీటీఓ తీసేయాలి, ఇంజను ఆపి తాళం జేబులో వేసుకోవాలి, పైకి లేపిన మిషను కింద గట్టి ఆధారం పెట్టాలి. హైడ్రాలిక్ లిఫ్టును నమ్మి కింద కూర్చోకూడదు. పూర్తి వీడియోలో ఇది నలభై సెకన్లుంటుంది. షార్ట్‌కు కోసేటప్పుడు ఎడిటరు మొదట తీసేసేది దీన్నే, ఎందుకంటే అందులో చూడటానికి ఏమీ జరగదు. కనీసం నాలుగు సెకన్లు, తెర మీద అక్షరాలతో, ప్రతి ముక్కలోనూ ఉండాలని పట్టికలో నియమంగా రాయాలి. షాఫ్ట్ మీది గార్డు తీసేసి తిరుగుతున్న షాఫ్ట్‌ను అందంగా చూపించడం కూడా అలాంటి తప్పే. కంపెనీ వీడియోలో గార్డు లేదంటే అది అవసరం లేదని కంపెనీయే చెప్పినట్టు.

మారే అంకెలు ఎక్కడ ఉంచాలి

ఒక మాటను ఐదు రూపాల్లో చెప్పడమంటే, ఆ మాట తప్పయితే ఐదుచోట్ల తప్పవడం. ఆర్నెల్ల తర్వాత కంపెనీ బోల్టు సైజు మార్చిందనుకుందాం. వ్యాసాన్ని అరగంటలో సరిదిద్దవచ్చు. యూట్యూబ్‌లో పెట్టిన వీడియోను అలా మార్చలేం. ముక్క కత్తిరించవచ్చు, వివరణ మార్చవచ్చు, కానీ అదే చిరునామాలో కొత్త వీడియో పెట్టే వీలు లేదు. డీలర్ గోడ మీది కాగితం, చేతులు మారిన క్లిప్పు అయితే తిరిగి రావు.

కాబట్టి పని ఎలా చేయాలో వీడియో చెబుతుంది, ఎంత అన్నది వ్యాసం చెబుతుంది. ధర, విడిభాగం నంబరు, ఆయిల్ లీటర్లు, ఫోను నంబరు వీడియోలో పలకకూడదు. "మీ మోడల్‌కు ఎంతో కింద ఇచ్చిన పేజీలో చూడండి" అంటే సరిపోతుంది. మిషను మీద అంటించే క్యూఆర్ స్టిక్కరు కూడా నేరుగా యూట్యూబ్‌కు కాకుండా కంపెనీ వెబ్‌సైట్ పేజీకే వెళ్లాలి. స్టిక్కరు పదేళ్లుంటుంది. దాని వెనక పేజీలో వీడియోను ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

దీనికోసం పట్టికలో మూడు అదనపు గడులు కావాలి. ఈ అంశంలో మారే అవకాశమున్న అంకెలు ఏవి, అవి ఏయే రూపాల్లో ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు చూడాలి. విడుదలకు ముందు ఇంజినీరు చూసి ఒప్పుకున్నట్టు తేదీతో సంతకం కూడా అక్కడే. డిజైను విభాగం ఏదైనా మార్చిన రోజున ఈ పట్టిక చూసే మనిషికి ఒక మాట అందాలి. ఆ ఏర్పాటు లేని కంపెనీలో పాత వీడియోలు కొత్త మిషన్లను పాడుచేస్తాయి.

పదమూడో వారం

జూన్ చివరి వారంలో ముగ్గురూ కూర్చుని చూడాల్సింది ఎన్ని వ్యూలు వచ్చాయన్నది ఒక్కటే కాదు. యూట్యూబ్ స్టూడియోలో ఏ క్షణం దాకా ఎంతమంది చూశారో చూపే గీత ఉంటుంది. అది ఒకచోట పైకి లేస్తే అక్కడ జనం వెనక్కి జరుపుకుని మళ్లీ చూశారని అర్థం. అంచు దిక్కు చూపే చోట అలా లేచిందంటే, ఆ విషయం కావాల్సినదీ, వాళ్లకు ఒక్కసారిలో అర్థం కానిదీ అన్నమాట. వచ్చే త్రైమాసికంలో దాన్నే ఇంకా దగ్గరగా, నెమ్మదిగా తీయాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో వ్యాసానికి జనం ఏ మాటలు వెతికి వచ్చారో కనబడుతుంది. మన వ్యాసంలో జవాబు లేని ప్రశ్న అక్కడుంటే అదే తర్వాతి అంశం.

అసలైన కొలత మళ్లీ సర్వీసు రిజిస్టరులోనే ఉంది. బ్లేడ్లు మార్చాక మిషను అదురుతోందన్న ఫోన్లు నిరుడు ఇదే నెలలతో పోలిస్తే తగ్గాయా? అమ్మిన మిషన్ల సంఖ్య, వాన ఎప్పుడు పడిందన్నది కూడా లెక్కలోకి తీసుకుని చూడాలి. వాన ఆలస్యమైన ఏడాది ఫోన్లూ ఆలస్యంగానే వస్తాయి. ఫోను చేసినవారికి సర్వీసు సిబ్బంది ఆ వీడియో లింకు పంపుతున్నారా అన్నది ఇంకో మంచి గుర్తు. వాళ్లు పంపడం లేదంటే వీడియోలో ఏదో కొరత ఉంది, ఏమిటో వాళ్లనే అడగాలి.

వ్యూలు తక్కువైనా కలవరపడాల్సిన పని లేదు. బ్లేడు అంచు ఏ దిక్కుకన్నది ఆ మిషను ఉన్నవాడికే కావాలి. డ్రోను వీడియోను లక్షమంది చూసినా వారంటీ కింద తిరిగొచ్చే గేర్‌బాక్సుల సంఖ్య మారదు.

చిన్న యంత్రాల కంపెనీ నడిపేవారికి చెప్పేది ఒక్కటే. కెమెరా కొనే ముందు, ఏజెన్సీతో మాట్లాడే ముందు, సర్వీసు ఫోను ఎత్తే మనిషి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. ఈ సీజనులో వచ్చిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే, తేదీతో రాయించండి. వచ్చే ఏడాది మీ మూడు నెలల పట్టికలో సగం ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది.